పేలుడు చవక, పొగే ఖరీదు

మొబైల్ గేమ్‌లో ఒక గోడౌన్ ముందు ఆయిల్ డ్రమ్ము ఉంది. ఆటగాడు దాన్ని కాలుస్తాడు. తెల్లటి మెరుపు, నారింజ రంగు మంటల ముద్ద, నాలుగు వైపులా చిమ్మిన నిప్పురవ్వలు, అన్నీ క్షణంలో వచ్చి పోతాయి. అప్పటిదాకా ఆట సాఫీగానే నడుస్తుంది. మరో సెకను, సెకనున్నర గడిచాక, మంట ఆరిపోయి నల్లటి పొగ కమ్ముకుంటున్నప్పుడు ఫోన్ తడబడటం మొదలవుతుంది. బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, వేలికి ఆట అందదు. పొగ పలచబడ్డాక మళ్లీ అంతా మామూలే.

కొత్తగా గేములు తయారుచేసేవాళ్లు ఇక్కడ తరచూ తప్పుదారి పడతారు. పేలుడంటే పెద్ద సంగతి కాబట్టి భారం అక్కడే ఉందనుకుని నిప్పురవ్వల్ని సగానికి తగ్గిస్తారు, మంటను చిన్నది చేస్తారు. పేలుడులో పస పోతుంది, ఫోన్ తడబాటు మాత్రం పోదు. నిజానికి తెర మీద పేలుడు చాలా చవక వ్యవహారం. ఖరీదైనది ఆ తర్వాత తీరిగ్గా లేచే పొగ. ఆ తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే, ఈ విద్యలో ఉన్న మూడు ముఖ్యమైన పట్లూ, అంటే కణం ఆయుష్షు, కాలంతో మారే రంగు, ఎమిటర్ ఖర్చు, ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో అర్థమవుతుంది.

మంటకూ పొగకూ డ్రమ్ముకు ఉన్నట్టు గట్టి ఉపరితలం లేదు. డ్రమ్మును త్రికోణాలతో కట్టి రంగు పూయవచ్చు. పొగకు అంచు ఎక్కడ? అందుకే దాన్ని ఒకే వస్తువుగా కాకుండా వేల చిన్న కణాల గుంపుగా చూడటం మొదలైంది. ఈ పద్ధతికి పార్టికల్ సిస్టమ్ అనే పేరు స్థిరపడింది 1983లో, విలియం రీవ్స్ రాసిన పరిశోధన వ్యాసంతో. ఆయన అప్పట్లో లూకాస్‌ఫిల్మ్ కంప్యూటర్ విభాగంలో పనిచేసేవారు. ఆ విభాగమే తర్వాత పిక్సార్ అయింది. 1982లో వచ్చిన 'స్టార్ ట్రెక్ 2: ద రాత్ ఆఫ్ ఖాన్' సినిమాలో, నిర్జీవమైన గ్రహం మీద ఒక చోట మంట పుట్టి గ్రహమంతా గోడలా చుట్టుముట్టే దృశ్యం ఉంది. రీవ్స్ బృందం దాన్ని పూర్తిగా కంప్యూటర్‌లోనే తయారుచేసింది. మంటల గోడ కెమెరాను ముంచెత్తే చోట, ఒక్క ఫ్రేములో 7,50,000 దాకా కణాలున్నాయని ఆ వ్యాసంలో ఉంది.

ఆ వ్యాసం ఇప్పుడు చదివినా ఆశ్చర్యమేస్తుంది. నేటి గేమ్ ఇంజిన్లలో కనిపించే మీటలు చాలావరకు అందులోనే ఉన్నాయి. ప్రతి ఫ్రేములో కొన్ని కణాలు పుడతాయి. పుట్టేటప్పుడే ఒక్కోదానికి చోటు, వేగం, పరిమాణం, రంగు, ఆయుష్షు రాసిపెడతారు. ఫ్రేము గడిచేకొద్దీ కణం కదులుతుంది, రంగు మారుతుంది, వయసు పెరుగుతుంది. ఆయుష్షు తీరగానే తీసేస్తారు. ఎన్ని పుట్టాలన్నది ఒక సగటు, దానికి అటూ ఇటూ కొంత చెదురు:

```
NParts = MeanParts + Rand() × VarParts
```

ఇక్కడ `Rand()` అంటే −1కీ +1కీ మధ్య ఏదో ఒక యాదృచ్ఛిక సంఖ్య. సగటూ చెదురూ అన్న ఈ జోడీ కణాల సంఖ్యకే కాదు, వేగానికీ పరిమాణానికీ ఆయుష్షుకూ కూడా వర్తిస్తుంది. దాన్ని మరిస్తే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

ఇప్పుడు మన డ్రమ్ము దగ్గరికి వద్దాం. యూనిటీ ఇంజిన్‌లో దీన్ని కడుతున్నామనుకోండి. మామూలుగా ఒక పేలుడుకు ఒక్క ఎమిటర్ సరిపోదు. ఎమిటర్ అంటే కణాలను పుట్టించే చోటు. మన పేలుడుకు నాలుగు పెట్టుకుందాం. మొదటిది మెరుపు: ఒకే ఒక్క పెద్ద కణం, సెకనులో పదో వంతు బతుకుతుంది. రెండోది మంటల ముద్ద: 25 కణాలు ఒకేసారి పుట్టి, అర సెకను అటూ ఇటూగా బతుకుతాయి. మూడోది నిప్పురవ్వలు: 120 కణాలు, సన్నటి గీతల్లా సాగి, గురుత్వానికి కిందికి వంగుతూ సెకను లోపల ఆరిపోతాయి. నాలుగోది పొగ: మొదట 20 కణాలు ఒక్కసారిగా, ఆ తర్వాత రెండు సెకన్ల పాటు సెకనుకు 15 చొప్పున. ఆయుష్షు గడిని ముట్టుకోకుండా వదిలేశాం. యూనిటీలో కొత్త పార్టికల్ సిస్టమ్ తెరిస్తే `Start Lifetime` దగ్గర 5 అని ఉంటుంది, అంటే ఐదు సెకన్లు. ఎన్నో గేముల పొగలో ఆ 5 అలాగే మిగిలిపోతుంది.

లెక్క చూద్దాం. ఫోన్ తెర 2400 × 1080 పిక్సెళ్లు, అంటే సుమారు 26 లక్షలు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.6 మిల్లీసెకన్లు. ఆ కాసింత సమయంలోనే ఆట మొత్తం గీయాలి: గోడౌను, నేల, ఆకాశం, శత్రువులు, ఆ పైన మన పేలుడు.

ఒక్కో నిప్పురవ్వ 4 పిక్సెళ్ల వెడల్పు, 20 పిక్సెళ్ల పొడవు. 120 రవ్వలూ కలిపి 9,600 పిక్సెళ్లు. తెర లెక్కలో అది దాదాపు సున్నా. పది రెట్లు పెంచినా గీసే పని లక్ష పిక్సెళ్లు దాటదు. మంటల ముద్దలో ఒక్కో కణం 200 × 200 పిక్సెళ్లకు పెరుగుతుంది, 25 కణాలకు పది లక్షలు. తెరలో సగం కూడా కాదు, అదీ అర సెకను భాగ్యమే. ఇక పొగ. రెండు సెకన్లు గడిచేసరికి 20కి 30 తోడై, 50 కణాలు పుట్టి ఉంటాయి. ఆయుష్షు ఐదు సెకన్లు కాబట్టి ఒక్కటీ పోదు, యాభయ్యీ తెర మీదే ఉంటాయి. పొగ విచ్చుకుంటుంది కాబట్టి ఒక్కో కణం సగటున 400 × 400కు పెరిగిందనుకుందాం, లక్షా అరవై వేల పిక్సెళ్లు. యాభైకి 80 లక్షలు. అంటే తెర మొత్తాన్ని మూడుసార్లు పైగా మళ్లీ గీసినంత పని. ఆటగాడు వరసగా మూడు డ్రమ్ములు పేల్చాడా, అది తొమ్మిది తెరలు దాటుతుంది.

పొగ కణాలు పారదర్శకంగా ఉంటాయి కాబట్టి ఈ భారం తప్పించుకోవడానికి వీల్లేదు. గట్టి గోడ వెనకున్నదాన్ని గ్రాఫిక్స్ చిప్ గీయకుండా వదిలేయగలదు. పొగ వెనక పొగ, దాని వెనక మరో పొర ఉంటే, అన్నింటినీ వెనక నుంచి ముందుకు ఒకదానిపై ఒకటి కలుపుతూ రావాల్సిందే. ఒకే పిక్సెల్‌ను ఇలా పదేపదే గీయడాన్ని ఓవర్‌డ్రా అంటారు. మొబైల్ ఫోన్లలో పార్టికల్స్ వల్ల వచ్చే తడబాటుకు చాలాసార్లు కారణం ఇదే. ఎమిటర్ ఖర్చును కణాల సంఖ్యతో కొలవడం అందుకే సరిపోదు. సంఖ్యను విస్తీర్ణంతో గుణించాలి, ఆ పని ఎంతసేపు సాగుతుందో కూడా చూడాలి.

తడబాటు ఏ క్షణంలో వచ్చిందో గమనిస్తే కారణం సగం తెలిసిపోతుంది. ఆట మొదలయ్యాక వచ్చిన తొలి పేలుడుకే ఆగి, తర్వాతివన్నీ సాఫీగా సాగితే, ఆ మెటీరియల్‌కు కావాల్సిన షేడర్‌ను అప్పటికప్పుడు సిద్ధం చేసుకోవడానికో, టెక్స్చర్‌ను ఎక్కించుకోవడానికో చిప్ ఆగిందని అర్థం. లెవెల్ తెరిచే దశలోనే ఆ పని చేయించాలి. ప్రతి పేలుడుకూ సరిగ్గా మొదటి ఫ్రేములోనే కుదుపు వస్తుంటే, పేలుడు వస్తువును ప్రతిసారీ కొత్తగా సృష్టిస్తున్నారని అనుమానించాలి. ముందే కొన్నింటిని తయారుచేసి పక్కన పెట్టుకుని, వాటినే తిరిగి తిరిగి వాడటం దానికి మందు. మన డ్రమ్ములా సెకను దాటాక, పొగ ఉబ్బినప్పుడు తడబడితే మాత్రం అది ఓవర్‌డ్రా. ఖాయం చేసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. ఆట గీసే రిజల్యూషన్‌ను తాత్కాలికంగా సగానికి దించి చూడండి. తడబాటు మాయమైతే భారం పిక్సెళ్లదే. కెమెరాను డ్రమ్ముకు దగ్గరగా తీసుకెళ్లినా తెలుస్తుంది. దూరం సగమైతే ప్రతి కణం నాలుగు రెట్ల విస్తీర్ణం ఆక్రమిస్తుంది కాబట్టి ఆట వెంటనే బరువెక్కుతుంది. పేలుడును ఎడిటర్‌లో దూరం నుంచి చూసి బాగుందనుకోవడం చాలామందికి అలవాటు. పరీక్షించాల్సింది ఆటగాడు నిలబడగలిగినంత దగ్గర నుంచి, అసలు ఫోన్ మీద.

మరి పొగను ఎక్కడ కోయాలి? మొదట పట్టుకోవాల్సింది ఆయుష్షునే. ఆగకుండా కణాలు పుట్టిస్తున్న ఎమిటర్‌లో, ఏ క్షణంలోనైనా బతికున్న కణాల సంఖ్య సెకనుకు పుట్టేవాటిని ఆయుష్షుతో గుణిస్తే వచ్చేది. సెకనుకు 30 పుట్టి ఐదు సెకన్లు బతికితే 150. అదే రెండు సెకన్లు బతికితే 60. పుట్టుకను ముట్టుకోకుండానే భారం సగానికన్నా తగ్గింది. పైగా వయసు మీరిన పొగ కణాలే అన్నింటికన్నా పెద్దవి, అన్నింటికన్నా పలచనివి. ఎక్కువ పిక్సెళ్లు తినేదీ తక్కువ కనిపించేదీ అవే. అందుకే జీవితం చివరి భాగాన్ని కోస్తే కంటికి పోయేది కొంచెమే, చిప్‌కు మిగిలేది చాలా.

కణం ఎంత మసకబారినా చిప్ దాన్ని పూర్తిగా గీస్తుంది, మసకదనాన్ని బట్టి పని తగ్గదు. గాఢత 0.6 ఉన్న పిక్సెల్‌కూ 0.02 ఉన్న పిక్సెల్‌కూ ఖర్చు ఒకటే. చాలామంది పొగ మెల్లగా కరిగిపోవాలని గాఢత గీతకు పొడుగాటి తోక పెడతారు. అలా ఆయుష్షులో చివరి పావు భాగం గాఢత 0.03కు తక్కువగా సాగిందనుకోండి. ఐదు సెకన్ల కణం సెకనుకు పైగా ఎవరికీ కనిపించకుండా పెద్ద చదరంలా గీయించుకుంటూనే ఉంటుంది. రీవ్స్ ఈ సంగతి అప్పుడే పట్టించుకున్నారు. ఆయన పద్ధతిలో ఆయుష్షు తీరకపోయినా, ప్రకాశం ఒక హద్దు కన్నా తగ్గిన కణాన్ని తీసేసే ఏర్పాటుంది. మన చేతిలో ఉన్న పని అంతకన్నా సులువు. నల్లటి నేపథ్యం మీద కాకుండా అసలు ఆటలోని నేపథ్యం మీద పొగను చూసి, ఎక్కడి నుంచి కంటికి ఆనడం లేదో గుర్తించి, ఆయుష్షును అక్కడికి కుదించడమే.

కుదించేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. యూనిటీలో `Color over Lifetime` అనే చోట రంగుల పట్టీ ఒకటి ఇస్తాం. దాని ఎడమ కొస పుట్టుక, కుడి కొస మరణం. అంటే ఆ పట్టీ సెకన్లలో కాదు, ఆయుష్షులో శాతాల్లో నడుస్తుంది. పొగ మొదటి పది శాతం నారింజ ఛాయలో ఉండాలని పెట్టి ఉంటే, ఐదు సెకన్ల కణానికి అది అర సెకను. ఆయుష్షును రెండున్నరకు కుదించగానే అదే పది శాతం పావు సెకను అయిపోతుంది. మంట ఇంకా వెలుగుతుండగానే పొగ నల్లబడుతుంది, రెండింటికీ పొత్తు కుదరదు. పరిమాణం పెరిగే గీతా అంతే, అది కూడా శాతాల్లోనే ఉంటుంది కాబట్టి పొగ రెట్టింపు వేగంతో ఉబ్బుతుంది. వేగం మాత్రం సెకన్ల లెక్కలోనే ఉంటుంది. సెకనుకు 1.2 మీటర్లు లేచే పొగ ఐదు సెకన్లలో ఆరు మీటర్లు ఎక్కేది, ఇప్పుడు మూడు మీటర్లకే ఆగిపోతుంది. ఆయుష్షు గడిలో అంకె ఒక్కటి మార్చి, పొగ పొట్టిగా, హడావిడిగా తయారైందని విసుగుపడి మళ్లీ 5కే తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. ఆయుష్షును సగం చేస్తే రంగుల పట్టీలో గుర్తుల్ని కుడివైపు జరపాలి, లేచే వేగాన్ని పెంచాలి, చివరి పరిమాణాన్ని తగ్గించాలి. ఈ నాలుగూ కలిసే కదలాలి.

రంగు సంగతికొస్తే, అక్కడ అభిరుచి కన్నా ముందు ఉష్ణోగ్రత మాట్లాడుతుంది. దీపావళి రాత్రి చిచ్చుబుడ్డిని నింపాదిగా చూడండి. రవ్వలు బుడ్డి మూతి దగ్గర తెల్లగా, పసుపుగా ఉంటాయి, పైకెళ్లేకొద్దీ నారింజకు, రాలేటప్పుడు ఎరుపుకు తిరుగుతాయి. చల్లబడుతున్న వస్తువు వెలుగు ఆ వరసలోనే మారుతుంది. నూనె మంటలో వెలిగేది కూడా ఎక్కువగా వేడెక్కిన మసి రేణువులే. అవే చల్లబడి వెలుగు పోయాక మనకు నల్లటి పొగగా కనిపిస్తాయి. కాబట్టి మంటల ముద్దకు పట్టీ మొదట లేత పసుపు కలిసిన తెలుపు, పదిహేను శాతం దగ్గర పసుపు, నలభై దగ్గర నారింజ, డెబ్బై దగ్గర ముదురు ఎరుపు, చివరికి నలుపు. తెలుపు ఎంత క్లుప్తంగా ఉంటే పేలుడు అంత శక్తిమంతంగా కనిపిస్తుంది. తెలుపును సగం ఆయుష్షు దాకా లాగితే అది పేలుడులా కాక బల్బు వెలిగినట్టు ఉంటుంది.

మంటకూ పొగకూ రంగు కలిపే పద్ధతి కూడా వేరు. మంట కణాలు తామే వెలుగు కాబట్టి వెనకున్న రంగుకు తమ రంగును కూడతాయి, దీన్ని అడిటివ్ అంటారు. రీవ్స్ తన మంటలకు వాడింది ఇదే, అందులో ఒక అందమైన కిటుకు ఉంది. ఆయన కణాల రంగు చాలావరకు ఎరుపు, అందులో కొంచెం ఆకుపచ్చ. ఒంటరి కణం ఎర్రగా కనిపిస్తుంది. కణాలు దట్టంగా పోగైన చోట ఎరుపు కూడి కూడి గరిష్ఠానికి చేరి ఆగిపోతుంది, ఆకుపచ్చ మాత్రం ఇంకా కూడుతూ పోతుంది. ఎరుపుకు ఆకుపచ్చ తోడైతే వచ్చేది నారింజ, తర్వాత పసుపు. మంట నడిబొడ్డు వేడిగా, అంచులు చల్లగా ఉన్నట్టు ఎవరూ చెప్పకుండానే కనిపిస్తుంది. పైగా కూడికలో వరస మారినా మొత్తం మారదు కాబట్టి కణాలను ముందు వెనకలుగా పేర్చాల్సిన పని లేదు.

పొగకు ఆ పద్ధతి పనికిరాదు. అడిటివ్‌లో నలుపు అంటే సున్నా, కూడితే ఏమీ కనిపించదు. బూడిద రంగు ఇస్తే పొగ వెలుగుతున్న మంచులా తెల్లబడుతుంది. అలాంటి మెరిసే పొగ ఎక్కడైనా కనిపిస్తే, మంట మెటీరియల్‌నే పొగకూ తగిలించారని చెప్పవచ్చు. పొగ వెనకున్నదాన్ని కప్పాలి, అంటే ఆల్ఫా కలపడం కావాలి, దానితోపాటు కణాలను దూరం ప్రకారం పేర్చడమూ కావాలి. మన డ్రమ్ము పొగకు పట్టీ ఇలా పెడదాం: మొదట మంట వెలుగు కింద నుంచి పడుతున్నట్టు మట్టి నారింజ, ఇరవై శాతానికి దాదాపు నల్లటి గోధుమ, ఆ తర్వాత గాలి కలిసేకొద్దీ బూడిద రంగు. గాఢత సున్నా నుంచి మొదలై పది శాతానికి పైకెక్కి, నలభై దాకా నిలిచి, చివరికి సున్నాకు రావాలి. పుట్టగానే పూర్తి గాఢత ఇస్తే కణాలు ఠక్కున ఊడిపడినట్టు కనిపిస్తాయి. ఈ పట్టీ రంగు `Start Color`లో ఇచ్చిన రంగుతో గుణకారమవుతుంది. అక్కడ కూడా బూడిద రంగు పెడితే పొగ అనుకున్నదానికన్నా ముదురుగా వస్తుంది. అందుకే అక్కడ తెలుపు ఉంచి, రంగు నడిపే పనంతా పట్టీకే వదిలేయడం మేలు.

పొగ రంగు ఏం కాలుతోందో కూడా చెబుతుంది. నూనె, టైర్లు కాలితే నల్లగా వస్తుంది, ఎందుకంటే గాలి చాలక కాలని కార్బన్ మసిగా మిగులుతుంది. గోడ కూలితే లేచేది ధూళి, అది లేత మట్టి రంగులో ఉండి త్వరగా నేలకు దిగుతుంది. ఆయిల్ డ్రమ్ముకు తెల్లటి పొగ పెడితే ఎందుకు తేడాగా ఉందో ఆటగాడు చెప్పలేకపోవచ్చు గాని, నమ్మడు.

ఇక కోతకు వద్దాం. పొగ ఆయుష్షును 2 నుంచి 3 సెకన్ల మధ్య పెడదాం. ఒకే అంకె కాకుండా రెండు అంకెల మధ్య ఎందుకంటే, ఇందాక చెప్పిన చెదురు కోసం. తొలి విడతలో ఒక్కసారిగా పుట్టిన కణాలన్నింటికీ ఒకే ఆయుష్షు ఉంటే అవన్నీ ఒకే ఫ్రేములో పోతాయి, పొగను ఎవరో చప్పున లాగేసినట్టు అవుతుంది. తొలి విడత 10 కణాలు, ఆ తర్వాత సెకన్నర పాటు సెకనుకు 8 చొప్పున మరో 12. ఒకేసారి బతికుండేవి 22కు మించవు. చివరి పరిమాణం తగ్గించి, సగటున 320 × 320 పిక్సెళ్లు అనుకుందాం. మొత్తం ఇరవై రెండున్నర లక్షలు. మొదట మూడు తెరల పైగా ఉన్నది ఇప్పుడు ఒక్క తెర కన్నా తక్కువ. పొగ మొత్తం సాగే కాలం కూడా ఏడు సెకన్ల నుంచి నాలుగున్నరకు దిగింది.

కణాలు తగ్గితే పొగ పలచబడదా అంటే, ఒక్కో కణం గాఢత పెంచి సరిచేయవచ్చు, దానికీ లెక్క ఉంది. గాఢత 0.10 ఉన్న పది పొరలు ఒకదానిపై ఒకటి పడితే వెనకున్నదానిలో సుమారు 65 శాతం కప్పబడుతుంది. గాఢత 0.23 ఉన్న నాలుగు పొరలు వేసినా అంతే కప్పుతాయి:

```
1 − (1 − 0.10)^10 ≈ 0.65
1 − (1 − 0.23)^4  ≈ 0.65
```

గీసే పని సగానికన్నా తక్కువ, నలుపు మాత్రం అంతే. ఈ మార్పిడి ఉచితంగా రాదు. పది పలచటి పొరల్లో ఏ ఒక్క కణం ఆకారమూ విడిగా కనిపించదు. నాలుగు చిక్కటి పొరల్లో గుండ్రటి మచ్చలు బయటపడతాయి, పొగ దూది ఉండల్లా తయారవుతుంది. అప్పుడు కణం మీద అంటించే బొమ్మ మెరుగ్గా ఉండాలి. ఒకే మసక వలయానికి బదులు, సుడులు తిరిగే పొగ బొమ్మల వరసను గడుల పలకగా ఇచ్చి, కణం వయసుతోపాటు ఒక్కో గడీ మారేలా చేస్తారు. యూనిటీలో ఆ భాగం పేరు `Texture Sheet Animation`. పుట్టేటప్పుడే ఒక్కో కణాన్ని ఒక్కో కోణంలో తిప్పి, నెమ్మదిగా తిరుగుతూ ఉండనిస్తే, 22 కణాలని లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. నా దృష్టిలో పొగ మీద పెట్టే శ్రమలో ఎక్కువ వాటా దక్కాల్సింది ఈ బొమ్మకే. మంచి బొమ్మ ఉన్నవాడికి కణాలు తక్కువ చాలు.

`Max Particles` అనే గడి గురించీ ఒక మాట. దాన్ని కిందికి దించితే ఖర్చు అదుపులో ఉంటుందని చాలామంది నమ్మకం. అదుపులో ఉండే మాట నిజమే, కాని హద్దు నిండాక పాత కణం పోయేదాకా కొత్తది పుట్టదు. ఆరకుండా మండే డ్రమ్ముకు సెకనుకు 15 చొప్పున, ఐదు సెకన్ల ఆయుష్షు ఇస్తే 75 కణాలకు చోటు కావాలి. హద్దు 40 దగ్గర పెడితే రెండున్నర సెకన్లు పొగ వచ్చి, మరో రెండున్నర సెకన్లు ఆగి, మళ్లీ వస్తుంది. పొగ విడతలు విడతలుగా వస్తోందంటే ముందు చూడాల్సింది ఈ గడినే. హద్దును భద్రత కోసం ఉంచుకోవాలి, అసలు అదుపు పుట్టుక, ఆయుష్షుల ద్వారానే జరగాలి.

ఇన్ని చేసినా ఒక పరిస్థితి మిగిలే ఉంటుంది: ఆటగాడు పొగలోకే నడిచి వెళ్లడం. అప్పుడు ఒక్కో కణమూ తెర మొత్తం కప్పుతుంది, 22 కణాలు 22 తెరలవుతాయి. యూనిటీలో రెండరర్ భాగంలో `Max Particle Size` అనే గడి ఉంది. ఏ కణమూ తెరలో ఇంత భాగానికి మించి పెరగకూడదని అది హద్దు పెడుతుంది, మామూలుగా 0.5 ఉంటుంది. పొగకు దాన్ని 0.3కు దించవచ్చు. కెమెరాకు మరీ దగ్గరికొచ్చిన కణాన్ని మసకబార్చి, పూర్తిగా తొలగించడం ఇంకా మంచిది, మొహం మీదే కణం అంచు కనిపించే ఇబ్బందీ పోతుంది. పెద్ద కంప్యూటర్ గేముల్లో పొగను సగం రిజల్యూషన్‌లో వేరే పటం మీద గీసి, తర్వాత అసలు దృశ్యం మీద పరుస్తారు. పొడవూ వెడల్పూ సగమైతే పిక్సెళ్లు నాలుగో వంతే. పొగకు ఎలాగూ పదునైన అంచుల్లేవు కాబట్టి తేడా పెద్దగా తెలియదు. పొగ ముందు స్తంభమో మనిషో నిలబడ్డ చోట మాత్రం అంచు వెంట మెట్లు మెట్లుగా కనిపిస్తుంది, దాన్ని విడిగా సరిచేయాలి.

దూరపు డ్రమ్ముల సంగతికి మళ్లీ రీవ్స్ వ్యాసమే దారి చూపుతుంది. ఎన్ని కణాలు పుట్టాలన్నది ఆ వస్తువు తెర మీద ఎంత మేర కనిపిస్తోందన్న దాన్ని బట్టి నిర్ణయించే మరో సూత్రం ఆయన ఇచ్చారు:

```
NParts = (MeanPartsSA + Rand() × VarPartsSA) × ScreenArea
```

దూరాన గోరంత కనిపించే పేలుడుకు 120 నిప్పురవ్వలు దండగ, ఓ పది చాలు. పొగకు ఎనిమిది కణాలు సరిపోతాయి. తెర బయట జరిగిన పేలుడుకు మంట, మెరుపు, రవ్వలు పూర్తిగా మానేసి, ఆటగాడు తిరిగి చూస్తే కనపడటానికి పొగ ఒక్కటి నడిపితే చాలు.

గొలుసుకట్టుగా డ్రమ్ములు పేలే చోట ఇంకో కట్టుబాటు పెట్టుకోవచ్చు. ఒకేసారి తెర మీద మూడు పొగలకు మించి ఉండవని నిర్ణయించుకుని, ఆ మూడింటినీ ముందే తయారుచేసి ఉంచాలి. నాలుగో డ్రమ్ము పేలితే మెరుపు, మంట, రవ్వలు దానికి పూర్తిగా ఇవ్వాలి, అవి చవకే కనుక. పొగ మాత్రం మూడింట్లో అన్నింటికన్నా ముందు మొదలైనదాన్ని తీసుకొచ్చి వాడాలి. ఆ తీసుకురావడంలోనూ జాగ్రత్త కావాలి. యూనిటీలో ఎమిటర్‌ను ఆపేటప్పుడు రెండు దారులున్నాయి. `StopEmitting` అంటే కొత్త కణాలు పుట్టవు, ఉన్నవి తమ ఆయుష్షు బతికి పోతాయి. `StopEmittingAndClear` అంటే ఉన్నవి కూడా తక్షణం మాయం. పాత పొగను రెండో పద్ధతిలో ఆపితే అది ఉన్నపళంగా ఊడిపోయి కన్ను అటు తిరుగుతుంది. మొదటి పద్ధతిలో ఆపితే, మిగిలిన కణాలు కరగడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. అందుకే చాలామంది మూడో డ్రమ్ము పేలగానే, ఇంకా అవసరం రాకముందే, మొదటి పొగకు `StopEmitting` పంపిస్తారు. నాలుగోది పేలేసరికి అది ఖాళీ అయి సిద్ధంగా ఉంటుంది.